నెల లెక్కలో మిగులు, జూన్‌లో అప్పు

"మా ఇంటికి ఒక మంచి బడ్జెట్ వేసి పంపండి. ఎంత సంపాదించినా నిలవడం లేదు." డబ్బు విషయాలు రాసేవాళ్ళకు వచ్చే ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఇదే. జీతం ఎంతో ఉండదు. ఇంట్లో ఎంతమందో ఉండదు. అద్దె ఇల్లా, సొంతిల్లా, అప్పులేమైనా ఉన్నాయా, దేనికోసం దాచాలనుకుంటున్నారు, ఇవేవీ ఉండవు. ఆ ఉత్తరం వెనక ఉన్న ఆందోళన మాత్రం నిజమైనది. దానికి జవాబుగా తిండికి ఇంత శాతం, అద్దెకు ఇంత శాతం, పొదుపుకు ఇంత అని ఒక పట్టిక పది నిమిషాల్లో గీసి పంపొచ్చు. చూడటానికి బాగుంటుంది. ఆ ఇంటికి అది ఎందుకు పనికిరాదో, పనికొచ్చేది కావాలంటే ఏం తెలియాలో చెప్పడానికే ఈ వ్యాసం.

అలాంటి పట్టికల్లో అందరి నోటా ఉన్నది 50-30-20 సూత్రం. చేతికొచ్చిన దాంట్లో సగం అవసరాలకు, 30 శాతం ఇష్టాలకు, 20 శాతం పొదుపుకూ అప్పు తీర్చడానికీ. దీన్ని జనంలోకి తెచ్చింది అమెరికాకు చెందిన ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమీలియా వారెన్ త్యాగి 2005లో రాసిన పుస్తకం. అక్కడి మధ్యతరగతి జీతగాళ్ళను దృష్టిలో పెట్టుకుని, పన్నులు పోను మిగిలిన ఆదాయం మీద వేసిన లెక్క అది. మన దగ్గర 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే చూస్తే, ఇంటి వినియోగ ఖర్చులో ఒక్క ఆహారం వాటాయే పల్లెల్లో 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40 శాతం. తిండికే ఇంత పోయే ఇంట్లో అద్దె, మందులు, బడి ఫీజులు కూడా కలిపి సగంలో సర్దమంటే, ఆ ఇల్లాలు తన చేతగానితనమే అనుకుంటుంది. తప్పు ఆమెది కాదు, కొలతది.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే, కానీ ఇలాంటి ఇల్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తుంది. తెనాలిలో అద్దె ఇల్లు. భర్త ఒక టోకు దుకాణంలో గుమాస్తా. భార్య ఇంట్లోనే కుట్టుమిషన్ మీద జాకెట్లు, డ్రెస్సులు కుడుతుంది. ఎనిమిదో తరగతి అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి, భర్త తల్లి. వాళ్ళు రాసేదీ ఆ ఒక్క వాక్యమే: "నిలవడం లేదు, బడ్జెట్ వేయండి."

మొదట అడగాల్సింది ఆదాయం. "నెలకు ఎంత?" అంటే జీతం చెబుతారు, అది సగం జవాబే. ఆ జీతంలో చేతికొచ్చేది ఎంత, ఏ తేదీన వస్తుంది, జీతం కాకుండా వచ్చేది ఏ నెలలో ఎక్కువ, ఏ నెలలో తక్కువ, ఇవి తెలియాలి. ఈ ఇంట్లో భర్తకు చేతికొచ్చేది 22,000. భార్య కుట్టుపని మీద వచ్చేది ఒక్కో నెల ఒక్కోలా ఉంటుంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి 3,000 రావడమే గగనం. శ్రావణం వచ్చిందంటే రాత్రి పదకొండు దాకా మిషన్ ఆగదు, 9,000 కూడా వస్తుంది. ఆమె కుట్టు పుస్తకంలో ఏడాది మొత్తం కూడితే 66,000 తేలింది. అంటే సగటున నెలకు 5,500. ఇంటి సగటు రాబడి 27,500.

ఇక్కడే చాలా బడ్జెట్లు పడిపోతాయి. 27,500 అని పైన రాసుకుని కింద ఖర్చులు వేస్తారు. కానీ ఆషాఢంలో ఆ 27,500 ఇంట్లో ఉండదు, 25,000 ఉంటుంది. హెచ్చుతగ్గులున్న రాబడికి సగటు పట్టుకోకూడదు. గత ఏడాదిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలను పట్టుకుని ఇల్లు నడపాలి, పైన వచ్చింది వేరే పెట్టాలి. ఆ వేరే పెట్టింది ఎక్కడికి పోవాలో కాసేపట్లో చెబుతాను.

రెండోది ఇంట్లో మనుషులు. ఎంతమంది అన్న అంకె ఒక్కటే సరిపోదు. ఆ జీతం మీద ఆధారపడినవాళ్ళు వేరు, ఆ కంచాల్లో తినేవాళ్ళు వేరు. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు నెలనెలా పంపే ఇళ్ళున్నాయి, హాస్టల్లో ఉన్న కొడుక్కి పంపే ఇళ్ళున్నాయి. వాళ్ళు కంచం దగ్గర కనపడరు కానీ లెక్కలో ఉంటారు. పైగా ఒక మనిషి పెరిగితే అన్ని ఖర్చులూ ఒకేలా పెరగవు. అద్దె పెరగదు. గ్యాస్ కొంచెం పెరుగుతుంది. పాలు, బియ్యం, కూరలు తలకింతని పెరుగుతాయి. పెద్దావిడకు బీపీ, షుగరు ఉంటే ఆమె తినే దానికంటే వేసుకునే మాత్రలకే ఎక్కువ కావచ్చు. ఈ ఇంట్లో ఐదుగురికి తిండి ఖర్చు 9,000. అంటే మనిషికి నెలకు 1,800, రోజుకు 60 రూపాయలు. ఈ అంకె చూశాక, "తిండి ఖర్చు తగ్గించుకోండి" అని సలహా ఇవ్వడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది? కానీ మనిషికి ఎంత పడుతోందో లెక్క వేయకుండా 9,000 అనే మొత్తాన్నే చూస్తే ఆ సలహా చాలా తేలిగ్గా వచ్చేస్తుంది.

మూడోది తప్పని ఖర్చులు. అద్దె 6,500. కరెంటు, గ్యాస్, నీళ్ళు, ఫోన్లు కలిపి 2,200. తిండి 9,000. మందులు, డాక్టరు 1,000. బండి పెట్రోలు 1,200. ఇవన్నీ కలిపితే 19,900. సగటు రాబడిలో ఇది 72 శాతం. ఇందులో బడి ఫీజు ఇంకా కలవలేదు. 50-30-20 సంగతి ఇక్కడితో తేలిపోయింది. వీటికి ఒక చీటీ 2,000, ఒక చేబదులు మీద వడ్డీ 1,200 కలిపితే నెలకు 23,100.

ఇప్పుడు ఈ దంపతులు వేసుకునే లెక్క చూడండి. 27,500 లోంచి 23,100 తీసేస్తే నెలకు 4,400 మిగలాలి. ఏడాదికి 52,800. మరి ఎక్కడ? భర్త, నువ్వే ఎక్కడో ఖర్చు పెడుతున్నావంటాడు. భార్య, బయట టీలు, టిఫిన్లు ఎవరివి అంటుంది. ఇద్దరూ నిజాయితీగానే మాట్లాడుతున్నారు. కాగితం మీద కనపడే ఆ 4,400 అసలు లేనే లేదు.

నెలనెలా రాని ఖర్చులు ఆ జాబితాలో ఎక్కలేదు. పిల్లలిద్దరి ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు, బూట్లు కలిపి జూన్‌లో 40,000. ఎల్‌ఐసీ పాలసీకి ఏడాదికొకసారి 9,600. సంక్రాంతి, దసరా బట్టలు, బంధువుల పెళ్ళిళ్ళలో చదివింపులు 12,000. బండి ఇన్సూరెన్సు, సర్వీసింగు 3,000. బ్యాంకులో తాకట్టు పెట్టిన బంగారం మీద ఏడాదికి కట్టే వడ్డీ 5,400. మొత్తం 70,000. మిగలాల్సిన 52,800 లోంచి ఈ 70,000 తీయండి. ఏటా 17,200 లోటు.

ఈ ఇల్లు ప్రతి జూన్‌లో అప్పు చేయడానికి కారణం ఇదే. దుబారా ఏమీ లేదు. ఫీజు గడువు దగ్గర పడగానే ఎవరి దగ్గరో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. ఆ వడ్డీ తర్వాతి ఏడాది నెల ఖర్చుల్లో చేరుతుంది. అందుకే మరుసటి జూన్‌లో లోటు ఇంకాస్త పెరుగుతుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటిదే జరుగుతోందా అని తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. నెల ఒకటో తారీఖున పర్సులో, బ్యాంకులో ఉన్నది రాసుకోండి. ఆ నెల వచ్చింది కలపండి. మీ జాబితాలోని ఖర్చు తీసేయండి. నెలాఖరున నిజంగా ఉన్నదాంతో పోల్చండి. తేడా వంద, రెండొందలైతే చిల్లర ఖర్చే. రెండు మూడు వేలుంటే జాబితాలో లేని ఖర్చు ఏదో ఉన్నట్టే. దాన్ని జ్ఞాపకం మీద వెతకొద్దు. ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో పన్నెండు నెలల చెల్లింపులు వెనక్కి జరుపుతూ చూడండి, బ్యాంకు పాస్‌బుక్ ఎక్కించుకుని చూడండి. ఖర్చుల కంటే జమలు ఇంకా ఎక్కువ చెబుతాయి. జీతం కాని పెద్ద మొత్తం ఏ నెలలో ఖాతాలో పడిందో చూస్తే, ఏ నెలలో ఇల్లు అప్పు మీద నడిచిందో తెలుస్తుంది. గ్యాస్ బండ బిగించిన తేదీ క్యాలెండరు మీద రాసుకునే అలవాటు మన వంటిళ్ళలో ఎప్పటినుంచో ఉంది. బండ ఎన్ని రోజులొచ్చిందో నిక్కచ్చిగా తెలిసిన ఇంట్లో ఫీజుకు తెచ్చిన అప్పు తేదీ మాత్రం ఎవరికీ గుర్తుండదు. అది కూడా ఆ క్యాలెండరు మీదే రాయండి.

నాలుగోది అప్పులు. అడిగితే మొదట చెప్పనిది ఇదే. ఈఎంఐలు చెబుతారు, ఎందుకంటే అవి ఖాతాలోంచి వాటంతటవే పోతాయి. బావమరిది దగ్గర తెచ్చింది, డ్వాక్రా గ్రూపులో తీసుకున్నది, బంగారం తాకట్టు, కిరాణా కొట్టు ఖాతా, ఇవి బయటికి రావడానికి టైము పడుతుంది. తాకట్టు పెట్టిన బంగారాన్ని చాలామంది అప్పుగానే అనుకోరు. నగ మనదే, బ్యాంకులో ఉందంతే అనుకుంటారు. ఒక్కో అప్పుకూ నాలుగు విషయాలు రాయాలి. అసలు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, కట్టేది అసలుతో కలిపా లేక వడ్డీ ఒక్కటేనా, ఏం తనఖా పెట్టారు.

మన ఇళ్ళలో వడ్డీని రూపాయల్లో చెప్పుకుంటాం, బ్యాంకులు శాతాల్లో చెబుతాయి. రెండూ పక్కపక్కన పెట్టకపోతే ఏది ఖరీదైన అప్పో తెలియదు. మూడు రూపాయల వడ్డీ అంటే వందకు నెలకు మూడు, ఏడాదికి 36 శాతం. ఈ కుటుంబానికి అలాంటి చేబదులు 40,000 ఉంది. నెలకు 1,200 కడుతున్నారు. అది పూర్తిగా వడ్డీయే, అసలు ఒక్క రూపాయి తగ్గదు. బ్యాంకులో బంగారం మీద 60,000 ఉంది, దానికి ఏడాదికి 9 శాతం. పెద్ద అప్పు బంగారం మీదది. కానీ ఏడాదికి చేబదులు 14,400 తింటోంది, బంగారం అప్పు 5,400 తింటోంది. తీర్చాల్సిన వరుసను అప్పు సైజు నిర్ణయించదు, వడ్డీ నిర్ణయిస్తుంది.

ఇప్పుడు చీటీ సంగతి. లక్ష రూపాయల చీటీ, యాభై మంది, నెలకు 2,000 చొప్పున యాభై నెలలు. ఇరవై నెలలు కట్టారు, ఇంకా ఎత్తలేదు. చివరిదాకా ఉంచితే ఎక్కువ వస్తుందని దాచారు. విడిగా చూస్తే ఆ ఆలోచన సరైనదే. కానీ ఒక చేత్తో చీటీలో దాస్తూ ఇంకో చేత్తో 36 శాతం వడ్డీ కడుతున్నారు. ఇప్పుడు పాటలో 20,000 వదులుకుని ఎత్తారనుకుందాం. చేతికి 80,000 వస్తుంది. అందులో 40,000తో చేబదులు మొత్తం తీరుతుంది. మిగతా 40,000 బంగారం అప్పుకు జమ చేస్తే అక్కడ 20,000 మిగులుతుంది. చేబదులు వడ్డీ నెలకు 1,200, బంగారం వడ్డీలో నెలకు 300 తగ్గుతాయి. చీటీకి ఇంకా ముప్పై నెలలుంది కాబట్టి, ఆ ముప్పై నెలల్లో ఆదా అయ్యే వడ్డీ 45,000. వదులుకున్నది 20,000.

దీంట్లో జాగ్రత్తలూ ఉన్నాయి. పాటకు వెళ్ళేముందే ఎంతదాకా పాడాలో ఇంట్లో నిర్ణయించుకోవాలి. పోటీ పెరిగి 35,000 వదులుకోవాల్సి వస్తే లాభం చాలావరకు కరిగిపోతుంది, మరో నెల ఆగడమే మంచిది. ఎత్తిన చీటీకి జామీనుదార్లు కావాలి, వాళ్ళను ముందే అడిగి ఉంచుకోవాలి. ఎత్తాక కూడా ముప్పై నెలలు కట్టాల్సిందే, అప్పుడది పొదుపు కాదు, అప్పు. ఫోర్‌మన్ కమీషన్‌కు చట్టంలో పరిమితి ఉంది, 2019 సవరణ తర్వాత అది 7 శాతం. రిజిస్టరు కాని చీటీ అయితే ఈ పరిమితి చెప్పి నిలదీయడానికీ, డబ్బు రాకపోతే ఫిర్యాదు చేయడానికీ దారి దాదాపు ఉండదు. ఇక చేబదులు తీర్చిన రోజునే ప్రోనోటు వెనక్కి తీసుకోవాలి. "రేపిస్తాలే" అంటే డబ్బు కూడా రేపే ఇవ్వండి.

నెలసరి డివిడెండు వల్ల చీటీకి నిజంగా కట్టేది 2,000 కంటే తక్కువే ఉంటుంది. లెక్క తేలిగ్గా ఉండాలని నేను పూర్తి మొత్తమే వేశాను. ఆ తేడా ఇంటికి కొంచెం ఊపిరి.

అప్పు మార్చాక ఏడాది ఖర్చులో 18,000 తగ్గింది. 17,200 లోటు పోయి 800 మిగులు వచ్చింది. ఎంత చిన్న అంకె! కానీ అన్నం తగ్గించకుండా, పిల్లల బడి మార్చకుండా, టీ మానకుండా వచ్చిన అంకె. అప్పుల వివరం తెలియకపోతే ఇది ఎవరికీ తట్టేది కాదు. బయటివాడు తిండిలోనో పండగలోనో కోత పెట్టమనేవాడు.

ఇప్పుడు నెల ఎలా నడపాలో చెప్పొచ్చు. జీతం 22,000, కుట్టు మీద 3,000, మొత్తం 25,000తో ఇల్లు నడవాలి. వడ్డీ పోయాక నెల ఖర్చు 21,900. మిగిలే 3,100 జీతం పడిన రోజునే ఇంకో ఖాతాలోకి పోవాలి. దానికి ఏటీఎం కార్డు, ఫోన్‌పే తగిలించకుండా ఉంటే మేలు. కుట్టు డబ్బు 3,000 దాటిన ప్రతి రూపాయీ అదే ఖాతాకు. శ్రావణంలో వచ్చే 9,000లో 6,000 అటు వెళ్తుంది. ఏడాదికి 37,200 ఇలా, 30,000 అలా, మొత్తం 67,200. ఏడాది ఖర్చులు, తగ్గిన బంగారం వడ్డీతో కలిపి 66,400. ఫీజు, పాలసీ, పండగ, బండి అన్నీ ఆ ఖాతాలోంచే. నెల ఖర్చు పెట్టే డబ్బును అవి ముట్టుకోవు.

ఇది జులైలో మొదలుపెడితే బాగా నడుస్తుంది, ఎందుకంటే పెద్ద ఖర్చుకు పదకొండు నెలలు దూరం. జనవరిలో మొదలుపెడితే జూన్‌కు ఐదు నెలలే ఉంటాయి. జీతం వైపు నుంచి 15,500, కుట్టు మీద ఇంకొంత, అంతే చేరుతుంది. 40,000 చాలదు. కాబట్టి మొదటి ఏడాది మాత్రం బడితో మాట్లాడి ఫీజు రెండు మూడు విడతలుగా కట్టుకోవాలి. చాలా బళ్ళు టర్ములవారీగా తీసుకుంటాయి, అడగాలంతే. ఈ సంగతి ముందే చెప్పకపోతే మొదటి జూన్‌లోనే ప్లాను పాడైందనుకుని వదిలేస్తారు.

ఐదోది, దేనికోసం దాచాలి. దీన్ని చివర అడగడానికి కారణం ఉంది. పై నాలుగూ తేలకముందు అడిగితే "పిల్లల భవిష్యత్తు" అంటారు. దానికి మొత్తం ఉండదు, తేదీ ఉండదు. తేలాక అడిగితే ఆ తల్లి ఇలా అంటుంది: "మా అమ్మాయిని ఇంటర్‌లో మంచి కాలేజీలో చేర్చాలండి. యాభై వేలదాకా అవుతుందంటున్నారు." ఇప్పుడు లెక్క ఉంది. ఎనిమిదిలో చేరిన అమ్మాయికి ఇంటర్ చేరడానికి 36 నెలలు. 50,000 కావాలంటే నెలకు 1,389 చొప్పున దాచాలి. ఈ ఇంట్లో మిగులు ఏడాదికి 800. ముప్పై నెలలకు చీటీ అయిపోతే చివరి ఆరు నెలలు 2,000 చొప్పున 12,000 చేరుతుంది. మూడేళ్ళ మిగులు 2,400. ఇంకా 35,600 తక్కువ.

దాన్ని దాచిపెట్టి "క్రమశిక్షణతో పొదుపు చేయండి" అని రాసే బడ్జెట్ ఆ కుటుంబాన్ని మోసం చేసినట్టే. 35,600ని 36 నెలలకు పంచితే నెలకు సుమారు 990. ఆమె చేతిమీద అది ఇంకో నాలుగైదు జాకెట్ల కుట్టుకూలి. రాత్రి పదకొండుదాకా కుట్టే మనిషి ఇంకెంత కుట్టగలదో ఆమే చెప్పాలి. జాకెట్టుకు ఇరవై రూపాయలు పెంచితే ఎంతమంది బేరాలు పోతాయో కూడా ఆమెకే తెలుసు. లేదా ఆ ఊళ్ళోని ప్రభుత్వ జూనియర్ కాలేజీ గురించి ఇప్పటినుంచే వాకబు చేసుకోవాలి. లేదా ఈ మూడేళ్ళలో భర్త జీతం పెరిగితే, పెరిగిన మొదటి నెలనుంచే అందులో వెయ్యి ఆ అమ్మాయి పేర కట్టాలి. ఈ మూడింట్లో ఏది అన్నది ఆ దంపతులు రాత్రి భోజనాలయ్యాక కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. అంకెలు వాళ్ళ ముందున్నాయి, మూడేళ్ళ టైమూ ఉంది.